జీతం తేదీ మారింది, ఈఎంఐ తేదీ మార్చమని బ్యాంకును ఎలా అడగాలి?

ప్రశ్న: మా కంపెనీలో ఇంతవరకు నెలాఖరున జీతం పడేది. రెండు నెలలుగా 7వ తేదీకి మార్చారు. నా ఇంటి లోన్ ఈఎంఐ రూ.20,000 ప్రతి నెలా 5న వెళ్తుంది. లోన్ ఒక బ్యాంకులో, జీతం ఖాతా ఇంకో బ్యాంకులో ఉన్నాయి. కిందటి నెల చేబదులు తెచ్చి సర్దాను. ఈ నెల బౌన్స్ అయింది, 8న కట్టేశాను. లోన్ బ్రాంచిలో అడిగితే ‘మీ జీతం ఖాతా మీద 10వ తేదీకి కొత్త మాండేట్ ఇచ్చేయండి, చాలు’ అన్నారు. నిజంగా అంతేనా? ఏమని రాసివ్వాలి? సిబిల్ స్కోరు దెబ్బతింటుందా?

జవాబు: అంతే కాదు. ఆ మాట నమ్మి మాండేట్, అంటే మీ ఖాతాలోంచి వాయిదా తీసుకోవడానికి మీరిచ్చే అనుమతి, ఒక్కటే మార్చుకుంటే సమస్య తీరకపోగా ప్రతి నెలా కొత్తగా మొదలవుతుంది.

ఎందుకంటే మీ వాయిదాకు రెండు తేదీలున్నాయి. ఒకటి లోన్ ఖాతాలో ఉండే గడువు తేదీ, అంటే ఆ రోజుకి వాయిదా కట్టాలని ఒప్పందంలోనూ రీపేమెంట్ షెడ్యూల్‌లోనూ రాసి ఉన్న తేదీ. రెండోది మీ జీతం ఖాతాలోంచి డబ్బు లాగే తేదీ. బ్యాంకుల మధ్య ఇలాంటి వాయిదాలు వసూలు చేసే నాచ్ అనే వ్యవస్థ ద్వారా లోన్ బ్యాంకు మీ బ్యాంకుకు ‘ఇంత పంపండి’ అని అడిగే రోజు అది. ఇప్పుడు రెండూ 5వ తేదీయే కాబట్టి మీకు ఒక్కటిగా కనిపిస్తున్నాయి. మాండేట్ 10కి మారి గడువు 5 దగ్గరే ఉండిపోయిందనుకోండి, డబ్బు 10న ఠంచనుగా వెళ్తుంది, బౌన్స్ కూడా కాదు. కానీ లోన్ ఖాతా మాత్రం ప్రతి నెలా 5 నుంచి 10 వరకు బకాయిలోనే ఉంటుంది.

ఆ అయిదు రోజులే కదా అని వదిలేసేది కాదు. 2021 నవంబరు 12న రిజర్వు బ్యాంకు ఇచ్చిన వివరణ ప్రకారం, గడువు తేదీన రోజు ముగింపు లెక్క పూర్తయ్యేసరికి వాయిదా జమ కాకపోతే అదే రోజు ఖాతాను బకాయిగా గుర్తించాలి. బకాయి పడి ప్రత్యేకంగా గమనించాల్సిన ఖాతాలను ఎస్ఎంఏ అంటారు, 30 రోజుల లోపు బకాయి అయితే ఎస్ఎంఏ-0. 30 దాటితే ఎస్ఎంఏ-1, 60 దాటితే ఎస్ఎంఏ-2, 90 దాటితే మొండి బాకీ. మీరు చివరి మెట్టు దాకా వెళ్లరు, నిజమే. అయినా పన్నెండు నెలల్లో పన్నెండుసార్లు ఎస్ఎంఏ-0లోకి వెళ్లి వచ్చిన ఖాతా అని బ్యాంకు రికార్డులో ఉంటుంది. ఒప్పందంలో ఉన్న ఆలస్య రుసుము నెలనెలా పడుతుంది. రేపు టాపప్ లోన్ కోసమో, వడ్డీ రేటు తగ్గించమనో అడిగినప్పుడు ముందు చూసేది ఈ చరిత్రనే.

కాబట్టి మీరు అడగాల్సింది ‘మాండేట్ మార్చండి’ అని కాదు, ‘లోన్ ఖాతాలో గడువు తేదీని మార్చి, కొత్త రీపేమెంట్ షెడ్యూల్ ఇవ్వండి’ అని. మాండేట్ సంగతి దాని తర్వాత.

ఇక ఏ తేదీ అడగాలి? జీతం 7న అంటే చాలామంది 7నో 8నో కోరుకుంటారు. అది పొరపాటు. నాచ్ డెబిట్లు సాధారణంగా పొద్దున్నే వస్తాయి, జీతం మధ్యాహ్నమో సాయంత్రమో పడొచ్చు. ఒకే రోజు పెట్టుకుంటే డబ్బు వచ్చే రోజే బౌన్స్ అయ్యే ప్రమాదం ఉంటుంది. ఇంకో సంగతి, 7వ తేదీ ఆదివారమో సెలవో అయితే మీ కంపెనీ మరుసటి పనిదినాన జీతం వేయొచ్చు. కానీ నాచ్ 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారాలు, సెలవులతో సహా అన్ని రోజులూ నడుస్తోంది. జీతం సెలవు తీసుకున్నా వాయిదా తీసుకోదు. అందుకే జీతం తేదీకి, గడువు తేదీకి మధ్య కనీసం మూడు రోజులు ఉండాలి. మీకు 10 సరిగ్గా సరిపోతుంది. అయితే చాలా బ్యాంకులు నెలలో కొన్ని తేదీలనే ఈఎంఐకి కేటాయిస్తాయి. 10 వాటిలో లేకపోతే ఆ తర్వాతి తేదీ తీసుకోండి కానీ, దగ్గరగా ఉందని 7నో 8నో ఒప్పుకోకండి. జీతం పడిన రోజే ఖాతాలోంచి సిప్‌లు, క్రెడిట్ కార్డు బిల్లు లాంటివి వెళ్లేలా పెట్టుకుని ఉంటే వాటిని 10 తర్వాతకు జరపండి. లేకపోతే జీతం వచ్చినా ఈఎంఐ వేళకు ఖాతాలో చాలినంత మిగలదు.

దరఖాస్తు ఇచ్చే ముందు ఒక పని పూర్తి చేయాలి. బౌన్స్ అయిన వాయిదాను 8న కట్టారు సరే, దానితో పాటు పడిన ఛార్జీలు కట్టారా? ఒక్క బౌన్స్‌కు మూడు రకాలుగా పడొచ్చు: లోన్ బ్యాంకు వేసే బౌన్స్ ఛార్జీ, జీతం బ్యాంకు వేసే రిటర్న్ ఛార్జీ, మూడు రోజుల ఆలస్యానికి లోన్ బ్యాంకు పీనల్ ఛార్జీ. లోన్ స్టేట్‌మెంట్ తీసి చూడండి. కొన్ని వందల ఛార్జీ మిగిలి ఉన్నా సిస్టమ్‌లో ‘ఓవర్‌డ్యూ’ అని కనిపిస్తుంది, బకాయి ఉన్న ఖాతాకు తేదీ మార్చడం కుదరదని దరఖాస్తు తిప్పి పంపుతారు. పీనల్ ఛార్జీని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. పాత లోన్లకు కూడా 2024 జూన్ నెలాఖరులోగా ఈ పద్ధతిలోకి మారాలని గడువు పెట్టింది. స్టేట్‌మెంట్‌లో అలా కలిపి ఉంటే అడగండి.

ఇప్పుడు ఉత్తరం. ఇందులో కారణం ఎలా రాస్తారన్నది ముఖ్యం. ‘ఆర్థిక ఇబ్బందుల వల్ల 5న కట్టలేకపోతున్నాను, దయచేసి వెసులుబాటు ఇవ్వండి’ అని రాయకండి. రుణగ్రహీత ఆర్థిక ఇబ్బందుల్లో ఉండి, ఆ కారణంగా బ్యాంకు షరతులు సడలిస్తే దాన్ని నిబంధనల భాషలో రీస్ట్రక్చరింగ్ అంటారు. ఆ ముద్ర క్రెడిట్ రిపోర్టు దాకా వెళ్తే ఏళ్ల తరబడి వదలదు. మీ విషయం అది కాదు. ఆదాయం తగ్గలేదు, వచ్చే రోజు మారింది అంతే. ఉన్నది ఉన్నట్టు అదే రాయండి. వాయిదా మొత్తం తగ్గించమనీ, ఒక నెల ఆపమనీ అడగడం లేదని స్పష్టంగా చెప్పండి.

నమూనా ఇలా ఉంటుంది:

బ్రాంచి మేనేజర్ గారికి,

విషయం: గృహ రుణ ఖాతా నం. ________ – నెలవారీ వాయిదా గడువు తేదీ 5 నుంచి 10కి మార్చవలసిందిగా విజ్ఞప్తి.

అయ్యా / అమ్మా,

పై రుణ ఖాతాకు ప్రతి నెల 5న రూ.20,000 వాయిదా చెల్లిస్తున్నాను. మా సంస్థ జీతం చెల్లించే తేదీని నెలాఖరు నుంచి ప్రతి నెల 7వ తేదీకి మార్చింది. నా జీతం మొత్తంలో మార్పు లేదు. అందువల్ల రుణ ఖాతాలో వాయిదా గడువు తేదీని ________ నెల నుంచి 10వ తేదీకి మార్చి, సవరించిన రీపేమెంట్ షెడ్యూల్ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. వాయిదా మొత్తంలో తగ్గింపు గానీ, మారటోరియం గానీ, పునర్వ్యవస్థీకరణ గానీ కోరడం లేదు.

తేదీ మార్పు వల్ల అదనంగా వచ్చే 5 రోజుల వడ్డీని విడిగా చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ మొత్తం, చెల్లించాల్సిన తేదీ, ఈ మార్పుకు ఏదైనా రుసుము ఉంటే ఆ వివరాలు, కొత్త మాండేట్ అవసరమా అన్నది రాతపూర్వకంగా తెలియజేయగలరు. మార్పు అమలయ్యే వరకు పాత తేదీనే వాయిదా చెల్లిస్తాను.

జతపరిచినవి: జీతం తేదీ మార్పుపై సంస్థ ఇచ్చిన లేఖ, గత 3 నెలల జీతం ఖాతా స్టేట్‌మెంట్, పే స్లిప్పులు.

ఇట్లు,
(రుణగ్రహీత, సహ రుణగ్రహీత సంతకాలు)

సంస్థ లేఖ అంటే పెద్దదేమీ అక్కర్లేదు, హెచ్ఆర్ నుంచి వచ్చిన ఈమెయిల్ ప్రింటు కూడా చాలాచోట్ల తీసుకుంటారు. లోన్‌లో మీ జీవిత భాగస్వామో, తల్లిదండ్రులో సహ రుణగ్రహీతగా ఉంటే వారి సంతకం తప్పనిసరిగా పెట్టించండి. హామీదారు ఉంటే వారి సంతకం కావాలా అని ముందే అడగండి, రెండోసారి తిరగాల్సిన పని తప్పుతుంది. ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదానిపై బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. అదే ఉత్తరాన్ని బ్యాంకు కస్టమర్ సర్వీసు ఈమెయిల్‌కు కూడా పంపి ఫిర్యాదు నంబరు లాంటి సర్వీసు రిక్వెస్ట్ నంబరు తీసుకోండి. బ్రాంచిలో చాలాసార్లు గడువు తేదీని మార్చే అధికారం ఉండదు, లోన్ల కేంద్ర కార్యాలయానికి పంపుతారు. ఆ నంబరు ఉంటేనే కాగితం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

ఎప్పుడు ఇవ్వాలంటే, ఒక వాయిదా జమ అయిన వెంటనే. నాచ్ డెబిట్ వివరాలను బ్యాంకు గడువుకు కొన్ని రోజుల ముందే సిద్ధం చేసి పంపుతుంది. 1నో 2నో దరఖాస్తు ఇస్తే ఆ నెల పాత తేదీనే డబ్బు అడుగుతుంది. మీరు ఈ నెల 8న కట్టేశారు కాబట్టి ఈ వారంలోనే ఇచ్చేయండి. దాదాపు మూడు వారాల సమయం దొరుకుతుంది.

ఆ 5 రోజుల వడ్డీ సంగతి కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే ఎక్కువ మంది గొడవ పడేది ఇక్కడే. మీ లోన్‌లో ఇంకా రూ.18,00,000 అసలు ఉందనీ, వడ్డీ 9 శాతమనీ అనుకుందాం. ఏడాది వడ్డీ రూ.1,62,000. దాన్ని 365తో భాగించి 5తో గుణిస్తే రూ.2,219 వస్తుంది. బ్యాంకు డబ్బు మీ దగ్గర అయిదు రోజులు ఎక్కువ ఉంది కాబట్టి ఇది న్యాయంగా పడే వడ్డీయే, జరిమానా కాదు. ఒక్కసారే పడుతుంది, ప్రతి నెలా కాదు. ఆ తర్వాత 10 నుంచి 10 వరకు మళ్లీ మామూలు నెలే.

దీన్ని బ్యాంకు మూడు రకాలుగా వసూలు చేయొచ్చు. విడిగా కట్టించుకోవచ్చు. కొత్త తేదీన మొదటి వాయిదాతో కలిపి రూ.22,219 తీసుకోవచ్చు. లేదా ఏమీ అడగకుండా రూ.20,000 వాయిదాలోంచే ఆ వడ్డీని మినహాయించుకోవచ్చు. మూడోది వింటానికి హాయిగా ఉంటుంది. కానీ మామూలుగా మీ వాయిదాలో రూ.13,500 వడ్డీకి, రూ.6,500 అసలుకు వెళ్తాయి. ఆ నెల మాత్రం అసలుకు రూ.4,281 మాత్రమే వెళ్తుంది. తగ్గిన రూ.2,219 మీద లోన్ తీరే వరకు వడ్డీ పెరుగుతూ పోతుంది. ఈ లెక్కలో లోన్ తీరడానికి ఇంకా దాదాపు 150 నెలలు పడుతుంది, వడ్డీ రేటు ఇలాగే ఉంటే చివరికి ఆ చిన్న మొత్తం సుమారు రూ.6,800 అవుతుంది. చేతిలో డబ్బుంటే విడిగా కట్టి రశీదు తీసుకోవడమే మేలు. ఉత్తరంలో ఆ మాట చేర్చింది ఇందుకే.

రెండో పద్ధతికి బ్యాంకు పట్టుబడితే మీ మాండేట్‌లో గరిష్ఠ మొత్తం ఎంత రాసి ఉందో చూసుకోండి. అది సరిగ్గా రూ.20,000 అయితే, రూ.22,219 అడిగినప్పుడు ఖాతాలో లక్ష ఉన్నా మాండేట్ పరిమితి దాటిందని మీ బ్యాంకు తిప్పి పంపుతుంది. తేదీ మారాక వచ్చే మొదటి వాయిదా బౌన్స్ కావడానికి ఇదొక కారణం. మామూలుగా తనిఖీ చేస్తే కనిపించదు, ఖాతాలో డబ్బుంది కదా అని అందరూ ధైర్యంగా ఉంటారు.

ఇప్పుడు మాండేట్ దగ్గరికి వద్దాం. గడువు మారిందని లోన్ బ్యాంకు రాతపూర్వకంగా చెప్పాక, పాత మాండేట్‌తోనే కొత్త తేదీన డబ్బు తీసుకోగలరా, కొత్తది కావాలా అని అడగండి. ‘ఎప్పుడు అడిగితే అప్పుడు’ అనే పద్ధతిలో నమోదైన మాండేట్ అయితే పాతదే పనికి రావచ్చు. కొత్తది కావాలంటే నెట్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు, ఆధార్‌లలో మీ బ్యాంకు అనుమతించే దారిలో ఈ-మాండేట్ ఇవ్వొచ్చు. అందులో మూడు చోట్ల కళ్లు పెట్టాలి. ప్రారంభ తేదీ కొత్త మొదటి వాయిదా కంటే ముందుండాలి. గరిష్ఠ మొత్తం వాయిదా కంటే కొంత ఎక్కువ ఉండాలి. వడ్డీ రేటు పెరిగి ఈఎంఐ పెరిగినా మళ్లీ మాండేట్ మార్చే పని ఉండదు. ముగింపు తేదీ షెడ్యూల్‌లోని చివరి వాయిదా తర్వాత ఉండాలి. పాత మాండేట్ చివరి నెల 5తో ముగిసేలా ఉంటే, 10న రావాల్సిన ఆఖరి వాయిదా దానికి దొరకదు.

కొత్తది నమోదయ్యాక దానికి యూఎంఆర్ఎన్ అనే నంబరు వస్తుంది. మీ నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్ల విభాగంలో అది ‘యాక్టివ్’ అని కనిపించే వరకు పాతదాన్ని రద్దు చేయకండి. ముందే రద్దు చేస్తే ఆ నెల వాయిదా తీసుకునే దారే ఉండదు, పాపం మీదే అవుతుంది. యాక్టివ్ అయ్యాక మాత్రం పాతదాన్ని రద్దు చేయమని లోన్ బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. రెండూ ఉంటే 5న ఒకటి, 10న ఒకటి డబ్బు అడిగే అవకాశం ఉంది. అలా రెండుసార్లు వెళ్లిన డబ్బును కొన్ని బ్యాంకులు వెనక్కి ఇవ్వకుండా ముందస్తు చెల్లింపుగా జమ వేసుకుంటాయి, దాన్ని రాబట్టుకోవడానికి మళ్లీ తిరగాలి.

ఒకవేళ జీతం ఖాతా కూడా లోన్ ఉన్న బ్యాంకులోనే ఉంటే నాచ్ ఊసే ఉండదు, మాండేట్ బదులు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ మారిస్తే సరిపోతుంది. అప్పుడు కూడా గడువు తేదీ వేరు, ఇన్‌స్ట్రక్షన్ తేదీ వేరు అన్నది మరచిపోకూడదు.

మార్పు నిజంగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి మేనేజర్ మాట మీద ఆధారపడకండి. కొత్త రీపేమెంట్ షెడ్యూల్‌లో ప్రతి వరుసలో తేదీ 10 అని ఉండాలి. అంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంకొకటి ఉంది: తేదీ మారిన మొదటి నెల 6వ తేదీన లోన్ ఖాతాను యాప్‌లో తెరిచి చూడండి. ఓవర్‌డ్యూ మొత్తం సున్నా అని, తదుపరి గడువు 10 అని ఉంటే పని అయినట్టే. 6న రూ.20,000 బకాయి చూపిస్తే గడువు 5 దగ్గరే ఉండిపోయిందని అర్థం. అప్పుడు 10 దాకా ఆగకుండా ఆ రోజే కట్టేసి, ఫిర్యాదు పెట్టండి. ఈ పరీక్ష చేసే నెల వరకు ఒక వాయిదా డబ్బు 4వ తేదీ రాత్రికే ఖాతాలో ఉండేలా చూసుకోవాలి. ఈ నెల జీతంలోంచే వచ్చే నెల వాయిదా పక్కన పెట్టగలిగితే అన్నిటికంటే మంచిది.

సిబిల్ విషయం. బ్యాంకులు మీ ఖాతా స్థితిని ఫలానా తేదీ నాటికి ఎన్ని రోజుల బకాయి ఉందో చెబుతూ క్రెడిట్ సంస్థలకు పంపుతాయి. మీరు మూడు రోజుల్లోనే కట్టేశారు. బ్యాంకు లెక్క తీసిన రోజుకి బకాయి లేకపోతే ఆ నెలకు సున్నానే వెళ్లాలి. అయితే బౌన్స్ అయిన సంగతి లోన్ బ్యాంకు రికార్డులోనూ, జీతం ఖాతా స్టేట్‌మెంట్‌లోనూ ఉంటుంది. వచ్చే నెలలో ఒకసారి మీ రిపోర్టు తీసి ఈ లోన్ వరుస చూడండి. ప్రతి క్రెడిట్ సంస్థ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. 8న కట్టినా తప్పుగా ఎక్కువ రోజులు చూపిస్తే రశీదుతో దిద్దుబాటు కోరండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది.

బ్యాంకు ఒప్పుకోకపోతే? గడువు తేదీ మార్చి తీరాలన్న హక్కు మీకు లేదు, అది బ్యాంకు నిర్ణయం. ఒప్పుకోలేదన్న కారణంతో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లినా ఫలితం ఉండదు. కానీ 30 రోజులైనా జవాబే ఇవ్వకపోవడం, తేదీ మారుస్తామని రాసిచ్చి మార్చకపోవడం, వారి పొరపాటు వల్ల వాయిదా ఆలస్యమైతే మీకు ఛార్జీ వేయడం సేవా లోపాలు. వాటికి ముందు బ్యాంకులో ఫిర్యాదు చేసి, తర్వాత cms.rbi.org.in లో పెట్టొచ్చు.

తేదీ మారకపోతే మిగిలిన దారి, జీతం ఖాతాలో ఒక వాయిదా డబ్బు ఎప్పుడూ కదపకుండా ఉంచడం. మీకు అది రూ.20,000. ఒక్కసారే కూడబెడితే 5న పాత డబ్బుతో వాయిదా వెళ్తుంది, 7న జీతం వచ్చాక ఆ ఖాళీ నిండుతుంది. అది కుదిరే లోగా 5కి ముందే యూపీఐలోనో యాప్‌లోనో వాయిదా కట్టేద్దామనుకుంటే జాగ్రత్త. అలా కట్టింది ఈ నెల వాయిదా కిందకు వస్తుందా, అసలుకు ముందస్తు చెల్లింపుగా పోతుందా అని కట్టే ముందే అడగండి. ముందస్తు చెల్లింపుగా నమోదైతే 5న నాచ్ మళ్లీ యథావిధిగా వస్తుంది, ఖాతా ఖాళీగా ఉంటే డబ్బు కట్టి కూడా బౌన్స్ అవుతుంది.